ఆఫీసు ల్యాప్‌టాప్‌లో స్మార్ట్ కార్డ్ లాగిన్: ఎలా పనిచేస్తుంది, ఎలా పెట్టుకోవాలి, పాస్‌వర్డ్ దారిని ఎప్పుడు మూయాలి

చాలా ఆఫీసుల్లో స్మార్ట్ కార్డులు పంచుతారు, రీడర్లు కొంటారు, అందరికీ పిన్ పెట్టుకోవడం నేర్పిస్తారు. కానీ లాగిన్ తెరమీద "Sign-in options" నొక్కితే పాస్‌వర్డ్ గడి ఇంకా అక్కడే ఉంటుంది. దొంగకు కార్డుతో పనే లేదు, ఎప్పట్లాగే పాస్‌వర్డ్‌తో వస్తాడు. కార్డు లాగిన్ పాస్‌వర్డ్ కంటే మెరుగా అని అడిగితే నా జవాబు ఒకటే: ఆ ఖాతాకు పాస్‌వర్డ్ పనిచేయకుండా చేసిన రోజు నుంచి మెరుగు, అంతకుముందు కాదు. ఆ రోజుకు చేరే దారి, దారిలో ఆగిపోయే చోట్లు ఇక్కడ రాస్తున్నాను. ఆఫీసు ఖాతాలన్నీ మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీలో ఉన్నాయనీ, ల్యాప్‌టాప్‌లు విండోస్‌వనీ, సర్టిఫికెట్లు ఆఫీసు సొంత సర్వరే ఇస్తుందనీ అనుకుందాం. ఎక్కువ చోట్ల కనిపించే అమరిక ఇదే.

ముందు కార్డులో ఏముందో తెలుసుకోండి

కార్డులో ఉన్న చిన్న చిప్ ఒక బుల్లి కంప్యూటర్. కార్డు తయారు చేసే రోజున ఆ చిప్ తన లోపలే ఒక కీల జత పుట్టిస్తుంది. అందులో ప్రైవేట్ కీ చిప్ దాటి బయటికి రాదు. ల్యాప్‌టాప్ అడిగినా ఇవ్వదు, సర్వర్ అడిగినా ఇవ్వదు. పబ్లిక్ కీ మాత్రం బయటికి వస్తుంది. "ఈ పబ్లిక్ కీ ఫలానా ఉద్యోగిది" అని ఆఫీసు సర్టిఫికెట్ సర్వర్ సంతకం చేసి ఇచ్చే పత్రమే సర్టిఫికెట్. ఆ పత్రంలో రహస్యం ఏమీ లేదు, దాన్ని ఎవరు చూసినా నష్టం లేదు.

మరి పిన్ ఎందుకు? "ఈ ఒక్కసారికి నీ ప్రైవేట్ కీతో సంతకం చెయ్యి" అని కార్డుకు అనుమతి ఇవ్వడానికి. పిన్ కార్డు వరకే వెళ్తుంది, నెట్‌వర్క్ మీద ప్రయాణించదు, సర్వర్‌లో దాని నకలు ఉండదు. "ఇంతకుముందు 12 అక్షరాల పాస్‌వర్డ్ పెట్టమన్నారు, ఇప్పుడు 6 అంకెలు చాలంటారా?" అని ఉద్యోగులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, దానికి సరైన జవాబు చెప్పాలి.

పాస్‌వర్డ్‌ను కొట్టేయడానికి దొంగ మీ లాగిన్ తెర ముందు కూర్చోనక్కర్లేదు. సర్వర్ నుంచో, నెట్‌వర్క్ నుంచో దాని హ్యాష్, అంటే పాస్‌వర్డ్ నుంచి లెక్కగట్టిన గుర్తు, దొరికితే తన సొంత యంత్రం మీద రోజుల తరబడి, కోట్ల కొద్దీ ఊహలు వేసి చూడొచ్చు. ఆపేవాళ్లు ఎవరూ ఉండరు. పిన్ విషయంలో ఊహించాలన్నా కార్డు చేతిలో ఉండాలి, ఆ కార్డే లెక్కపెడుతుంది. చాలా కార్డుల్లో వరసగా 3 తప్పులకు పిన్ లాక్ అయిపోతుంది. 6 అంకెల్లో 10 లక్షల కలయికలు ఉంటే దొంగకు దొరికే అవకాశాలు మూడు. పుట్టినరోజు, 123456 లాంటివి పెట్టుకోకపోతే అది చాలా గట్టి రక్షణ.

పిన్ కొట్టాక తెర వెనక ఏం జరుగుతుంది

ఇది తెలిస్తే తర్వాత వచ్చే లోపాలు వాటంతట అవే అర్థమవుతాయి. అందుకని కాస్త ఓపిగ్గా చదవండి.

మీరు కార్డు పెట్టగానే విండోస్ అందులోని సర్టిఫికెట్ చదివి మీ పేరు తెరమీద చూపిస్తుంది. పిన్ కొడతారు, కార్డు తెరుచుకుంటుంది. అప్పుడు ల్యాప్‌టాప్ ప్రస్తుత సమయం ఉన్న ఒక చిన్న అభ్యర్థన తయారు చేసి కార్డుకు ఇస్తుంది. కార్డు దాని మీద ప్రైవేట్ కీతో సంతకం చేస్తుంది. ఆ సంతకం, సర్టిఫికెట్ రెండూ కలిపి, యాక్టివ్ డైరెక్టరీని నడిపే సర్వర్ అయిన డొమైన్ కంట్రోలర్‌కు వెళ్తాయి. విండోస్ డొమైన్‌లో లాగిన్లు నడిపే కెర్బరోస్ ప్రోటోకాల్‌లో ఈ పద్ధతిని పీకే-ఇనిట్ అంటారు, 2006లో ఆర్‌ఎఫ్‌సీ 4556గా ప్రామాణికం అయింది.

డొమైన్ కంట్రోలర్ వరసగా నాలుగు సంగతులు చూస్తుంది. సంతకం సరిపోయిందా, సమయం తన గడియారానికి దగ్గరగా ఉందా అనేది మొదటిది. మామూలుగా 5 నిమిషాల తేడా వరకు ఒప్పుకుంటుంది. ఈ సర్టిఫికెట్ ఇచ్చిన సర్వర్ లాగిన్ సర్టిఫికెట్లు ఇవ్వడానికి అర్హత ఉన్నదేనా అనేది రెండోది. ఆ అర్హుల జాబితా పేరు ఎన్‌టీఆథ్. సర్టిఫికెట్ గానీ, దాన్ని ఇచ్చిన సర్వర్ సర్టిఫికెట్ గానీ రద్దయిందా అనేది మూడోది. ఇందుకోసం సీఆర్‌ఎల్ అనే రద్దు జాబితాను తెచ్చుకుని చూస్తుంది. ఈ సర్టిఫికెట్ ఏ ఖాతాకు చెందుతుంది అనేది నాలుగోది. నాలుగూ కుదిరితే ఆఫీసు సేవలు వాడుకోవడానికి పనికొచ్చే టికెట్ ఇస్తుంది. అటువైపు ల్యాప్‌టాప్ కూడా డొమైన్ కంట్రోలర్ సర్టిఫికెట్‌ను చూసి, అసలైన సర్వర్‌తోనే మాట్లాడుతున్నానా అని తేల్చుకుంటుంది.

ఈ మొత్తం తంతులో మీరు టైప్ చేసిన రహస్యం ఏదీ ల్యాప్‌టాప్ దాటి వెళ్లలేదు. నకిలీ లాగిన్ పేజీ చూపించి పాస్‌వర్డ్ లాగేసుకునే మోసగాడికి ఇక్కడ లాక్కోవడానికి ఏమీ లేదు. ఫోన్ చేసి నమ్మించి పిన్ చెప్పించుకున్నా, కార్డు లేకుండా దాన్ని ఎక్కడా వాడలేడు.

అమర్చే క్రమం

ఎకౌంట్స్ విభాగంలో ఒక ఉద్యోగికి కార్డు ఇస్తున్నామనుకోండి. ఖాతా పేరు accounts1@corp.example.com.

మొదటి పని కార్డుతో కాదు, డొమైన్ కంట్రోలర్‌తో. ప్రతి డొమైన్ కంట్రోలర్‌కూ "Kerberos Authentication" టెంప్లేట్‌తో తీసుకున్న సర్టిఫికెట్ ఉండాలి. ఒక్కదానికి లేకపోయినా, లాగిన్ ఏ కంట్రోలర్ దగ్గరికి వెళ్లిందన్నదాన్ని బట్టి ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి పనిచేయదు. ఆ అయోమయంలో రోజులు పోతాయి. కాబట్టి ముందే ఈ రెండూ నడిపి చూడండి:

```
certutil -dcinfo verify
certutil -store -enterprise NTAuth
```

మొదటిది అన్ని డొమైన్ కంట్రోలర్ల సర్టిఫికెట్లనూ పరీక్షిస్తుంది. రెండోదాంట్లో మీ సర్టిఫికెట్ సర్వర్ పేరు కనిపించాలి. డొమైన్‌లో ఎంటర్‌ప్రైజ్ సీఏగా పెట్టిన సర్వర్ తనంతట తానే ఆ జాబితాలో చేరుతుంది. బయటి సంస్థ సర్టిఫికెట్లు వాడితే మాత్రం మీరే చేర్చాలి.

తర్వాత ఉద్యోగి సర్టిఫికెట్ టెంప్లేట్. "Smartcard Logon" టెంప్లేట్‌కు ఒక నకలు తీసి, దాన్ని మార్చుకోండి. ఇందులో రెండు అమరికల విషయంలో ఏమాత్రం అలసత్వం పనికిరాదు. ఒకటి, "Subject Name" ట్యాబ్‌లో "Build from this Active Directory information" ఎంచుకోండి. దాని పక్కనున్న "Supply in the request" ఎంచుకుంటే, సర్టిఫికెట్ అడిగేవాడు తన పేరు బదులు అడ్మిన్ పేరు రాసుకుని ఆ సర్టిఫికెట్‌తో అడ్మిన్‌గా లాగిన్ కావచ్చు. పాస్‌వర్డ్‌ల కంటే పెద్ద కన్నం మీ చేతులతో మీరే పెట్టినట్టవుతుంది. రెండోది, "Cryptography" ట్యాబ్‌లో స్మార్ట్ కార్డ్ ప్రొవైడర్‌ను మాత్రమే అనుమతించండి. అప్పుడే కీ కార్డులో పుడుతుంది. సాఫ్ట్‌వేర్ ప్రొవైడర్‌ను వదిలేస్తే కీ ల్యాప్‌టాప్ డిస్క్ మీద పుడుతుంది, దాన్ని ఎత్తుకుపోవచ్చు. కాలపరిమితి ఒక ఏడాది పెడితే చాలు.

ఇక కార్డు. కొత్త కార్డులు, కార్డులాగే పనిచేసే యూఎస్‌బీ కీలు కొన్ని అందరికీ తెలిసిన పిన్‌తో వస్తాయి. ఉదాహరణకు పీఐవీ అనే స్మార్ట్ కార్డ్ ప్రమాణంలో పనిచేసే యూబీకీలకు చాలాకాలంగా ఫ్యాక్టరీ పిన్ 123456, పీయూకే 12345678. సర్టిఫికెట్ ఎక్కించే ముందే ఈ రెండూ మార్చాలి. పిన్ ఉద్యోగి తన చేత్తోనే కొట్టాలి, మీరు చూడకూడదు. పీయూకే మాత్రం మీ దగ్గర భద్రంగా ఉండాలి, ఎందుకంటే పిన్ లాక్ అయితే విప్పేది అదే. పీయూకే కూడా వరస తప్పులతో లాక్ అయితే ఆ కార్డును చెరిపి మళ్లీ మొదటి నుంచి తయారు చేయడం తప్ప దారి ఉండదు.

సర్టిఫికెట్ ఎక్కాక ఉద్యోగి ల్యాప్‌టాప్‌లో కార్డు పెట్టి ఇది నడపండి:

```
certutil -scinfo -silent
```

చివర -silent ఎందుకంటే, అది లేకపోతే ఈ కమాండ్ కార్డులోని ఒక్కో కీకి పిన్ అడుగుతూ పోతుంది. కంగారులో తప్పు కొడితే పరీక్షలోనే కార్డు లాక్ అవుతుంది. వచ్చిన ఫలితంలో రీడర్ పేరు, కార్డు పేరు, సర్టిఫికెట్, దాన్ని ఇచ్చిన సర్వర్ల సర్టిఫికెట్ల గొలుసు సరిగా ఉందా అన్నవి కనిపిస్తాయి. సర్టిఫికెట్‌లో accounts1@corp.example.com అన్న పేరు ఉందో లేదో ఇక్కడే కళ్లారా చూసుకోండి.

మొదటి లాగిన్ ఆఫీసు నెట్‌వర్క్ మీదే చేయించండి. పైన చెప్పిన నాలుగు పరీక్షలూ చేయడానికి డొమైన్ కంట్రోలర్ అందుబాటులో ఉండాలి కదా. ఒకసారి అలా లాగిన్ అయితే విండోస్ ఆ వివరాలను దాచుకుంటుంది, తర్వాత ప్రయాణంలో నెట్ లేకపోయినా కార్డు, పిన్‌తో ల్యాప్‌టాప్ తెరుచుకుంటుంది. కొత్త ల్యాప్‌టాప్‌ను నేరుగా ఇంటికి పంపించేసి "కార్డు పెట్టి లాగిన్ అవ్వండి" అంటే కుదరదు. లాగిన్‌కు ముందే కలిసే వీపీఎన్ అమర్చి ఉంటే తప్ప.

నిజంగా కార్డుతోనే లాగిన్ అయ్యాడా అన్నది డొమైన్ కంట్రోలర్ సెక్యూరిటీ లాగ్ చెబుతుంది. ఈవెంట్ 4768 తెరిచి "Pre-Authentication Type" చూడండి. 2 ఉంటే పాస్‌వర్డ్‌తో వచ్చినట్టు. 15 లేదా 16 ఉండి, కింద సర్టిఫికెట్ ఇచ్చినవారి పేరు, సీరియల్ నంబరు నిండి ఉంటే కార్డుతో వచ్చినట్టు. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి. పాస్‌వర్డ్ దారి మూసేముందు దీనితో చాలా పని ఉంది.

లాగిన్ ఆగిపోతే ఎక్కడ చూడాలి

తెరమీద వచ్చే సందేశం చాలాసార్లు కార్డు మీద నింద వేస్తుంది, తప్పు మాత్రం సర్వర్ వైపు ఉంటుంది. ఉద్యోగి కార్డును తుడిచి మళ్లీ మళ్లీ పెడుతుంటాడు. ముందు ఒక్కరికే ఆగిందా, అందరికీ ఆగిందా అని అడగండి. సగం దర్యాప్తు ఆ ప్రశ్నతోనే అయిపోతుంది.

అందరికీ ఒకేసారి ఆగితే మొదట రద్దు జాబితాను అనుమానించండి. ఇది కాస్త వివరంగా చూద్దాం, ఎందుకంటే కార్డు లాగిన్ పెట్టుకున్న ఆఫీసులను నిలువునా ఆపేసే లోపం ఇదే. మంచి అమరికలో రెండు సర్టిఫికెట్ సర్వర్లు ఉంటాయి. రూట్ సర్వర్‌ను ఆఫ్ చేసి తాళం వేసి ఉంచుతారు. రోజూ సర్టిఫికెట్లు ఇచ్చేది రెండోది. రూట్ కూడా ఒక రద్దు జాబితా ఇస్తుంది, దానికి ఆరు నెలలో, ఏడాదో గడువు పెడతారు. గడువు దాటేలోపు ఎవరో ఒకరు రూట్‌ను ఆన్ చేసి కొత్త జాబితా తీయాలి. ఆ బాధ్యత ఉన్న మనిషి ఉద్యోగం మారాడనుకోండి. ఒక రాత్రి జాబితా గడువు ముగుస్తుంది. పొద్దున్నే అందరూ కార్డులు పెడతారు, ఎవ్వరికీ లాగిన్ కాదు. "revocation status" తేల్చలేకపోయామన్న సందేశం వస్తుంది. కార్డులు బాగున్నాయి, సర్టిఫికెట్లు బాగున్నాయి, ఎవరిదీ రద్దు కాలేదు. కానీ రద్దు కాలేదని నిరూపించే కాగితానికి కాలం చెల్లింది, అందుకని డొమైన్ కంట్రోలర్ ఎవరినీ నమ్మడం మానేసింది.

దీన్ని పట్టుకోవడానికి ఆ ఉద్యోగి సర్టిఫికెట్‌ను ఒక ఫైలుగా డొమైన్ కంట్రోలర్ మీద పెట్టి ఇలా చూడండి:

```
certutil -verify -urlfetch user.cer
```

గొలుసులో ఒక్కో మెట్టుకూ జాబితా ఎక్కడి నుంచి తెచ్చిందో, తెచ్చింది పనికొచ్చిందో లేదో వరసగా చూపిస్తుంది. "Expired" అని ఉన్న వరస ఏ సర్వర్ జాబితాదో చూస్తే దోషి దొరికినట్టే. చివర 0x80092013 కనిపిస్తే రద్దు స్థితి తెలుసుకోలేకపోయిందని అర్థం. రూట్‌ను ఆన్ చేసి certutil -crl నడిపి, వచ్చిన ఫైలును సర్టిఫికెట్‌లో రాసి ఉన్న చిరునామాలో పెడితే లాగిన్లు తిరిగి మొదలవుతాయి. గడువుకు నెల ముందే ఇద్దరు మనుషులకు గుర్తుచేసే ఏర్పాటు పెట్టండి. ఒక్కరికి పెడితే చాలదు.

అందరికీ ఆగి, సందేశం మాత్రం "Signing in with a smart card isn't supported for your account" అని ఉంటే, ఖాతా సంగతి తర్వాత చూడొచ్చు, ముందు డొమైన్ కంట్రోలర్ సొంత సర్టిఫికెట్ గడువు చూడండి. దాని సిస్టమ్ లాగ్‌లో ఈవెంట్ 29 ఉంటే అనుమానం ఖాయమైనట్టే.

ఒక్కరికే ఆగితే వేరే కథ. పిన్ లాక్ అయి ఉండొచ్చు, సర్టిఫికెట్ గడువు ముగిసి ఉండొచ్చు, ల్యాప్‌టాప్ గడియారం తప్పి ఉండొచ్చు. ఇవేవీ కాకుండా, ఎప్పుడో ఇచ్చిన పాత సర్టిఫికెట్ అయితే డొమైన్ కంట్రోలర్‌లో ఈవెంట్ 39 వెతకండి. సర్టిఫికెట్‌లో పేరు మాత్రమే ఉంటే ఒకరి సర్టిఫికెట్‌ను ఇంకొకరి ఖాతాకు అంటగట్టే దారులు బయటపడ్డాయి. దాంతో 2022 మే అప్‌డేట్ నుంచి మైక్రోసాఫ్ట్, ప్రతి ఖాతాకూ ప్రత్యేకంగా ఉండే ఎస్ఐడీ అనే గుర్తింపు సంఖ్యను కూడా సర్టిఫికెట్‌లో రాయడం మొదలుపెట్టింది. 2025లో ఆ గట్టి జోడింపు తప్పనిసరి అయింది. ఎస్ఐడీ లేని పాత సర్టిఫికెట్‌ను కొత్తగా మళ్లీ ఇవ్వడమే సులువైన మందు.

పాస్‌వర్డ్ దారి మూయడం

ఇంతవరకూ చేసింది సౌకర్యం. భద్రత ఇక్కడ మొదలవుతుంది.

ముందు లెక్క తీయండి. ఒక నెలపాటు ఆ ఉద్యోగి ఖాతా పేరుతో వచ్చిన 4768 ఈవెంట్లలో 2 అంకెతో ఎన్ని వచ్చాయి, ఏ యంత్రం నుంచి వచ్చాయి? అతను కార్డుతోనే లాగిన్ అవుతున్నా ఇంకా 2 కనిపిస్తుంటే, పాస్‌వర్డ్ దాచుకున్న ప్రోగ్రామ్ ఏదో ఎక్కడో ఉన్నట్టు. పాత స్కానర్ ఫైళ్లు పంపడానికి అతని పాస్‌వర్డ్ వాడుతుండొచ్చు, షెడ్యూల్ చేసిన పని ఏదైనా ఉండొచ్చు. డైరెక్టరీకి నేరుగా పాస్‌వర్డ్ పంపి సరిచూసుకునే అంతర్గత వెబ్‌సైట్ ఉండొచ్చు, అది ఈ ఈవెంట్‌లో కనిపించదు కాబట్టి ఉద్యోగినే అడగాలి. ఒక్కోదాన్ని సర్దండి. మనుషుల ఖాతాలతో యంత్రాలు పనిచేయడం ఎలాగూ మంచిది కాదు, వాటికి వేరే ఖాతాలు ఇవ్వండి.

అప్పుడు ఇది నడపండి:

```
Set-ADUser accounts1 -SmartcardLogonRequired $true
```

దీంతో రెండు పనులు జరుగుతాయి. ఆ ఖాతాతో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పాస్‌వర్డ్ కొడితే విండోస్ ఒప్పుకోదు. అలాగే ఖాతా పాస్‌వర్డ్‌ను డొమైన్ కంట్రోలర్ ఎవరికీ తెలియని పొడవైన యాదృచ్ఛిక విలువగా మార్చేస్తుంది. ఉద్యోగికి తెలిసిన పాత పాస్‌వర్డ్ ఇక ఎక్కడా పనికిరాదు. ఇంటర్నెట్‌లో ఎక్కడో లీకైన పాస్‌వర్డే ఇక్కడా పెట్టుకున్నాడేమో అన్న బెంగ కూడా పోతుంది.

కానీ ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆ యాదృచ్ఛిక పాస్‌వర్డ్‌కు కూడా హ్యాష్ ఉంటుంది. కెర్బరోస్ కంటే పాతదైన ఎన్‌టీఎల్‌ఎం లాగిన్ పద్ధతిలో మాట్లాడే సేవల కోసం ఆ హ్యాష్‌ను కార్డు లాగిన్ సమయంలో ల్యాప్‌టాప్‌కు కూడా ఇస్తారు. ల్యాప్‌టాప్‌లో చొరబడి దాన్ని ఎత్తుకెళ్లినవాడు కార్డు లేకుండానే నెట్‌వర్క్ సేవలను వాడుకోవచ్చు. పైగా మామూలు పాస్‌వర్డ్ గడువు ముగిసి మారుతుంది, ఇది మాత్రం ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. డొమైన్ స్థాయి విండోస్ సర్వర్ 2016 లేదా ఆపైది అయితే, డొమైన్‌కున్న msDS-ExpirePasswordsOnSmartCardOnlyAccounts గుణాన్ని TRUE చేయండి. పాస్‌వర్డ్ గడువు ప్రకారం ఆ హ్యాష్ తనంతట తానే మారుతూ ఉంటుంది. చేసే పని చిన్నదే అయినా చాలాచోట్ల చేయకుండా వదిలేస్తారు.

హెల్ప్ డెస్క్ వాళ్లకు కూడా ఒక మాట గట్టిగా చెప్పాలి: కార్డు తప్పనిసరి చేసిన ఖాతాకు పాస్‌వర్డ్ రీసెట్ చేయకూడదు. రీసెట్ చేస్తే ల్యాప్‌టాప్ తెర ఒప్పుకోకపోయినా, పాస్‌వర్డ్ అడిగే ఇతర సేవలు ఆ కొత్త పాస్‌వర్డ్‌ను ఒప్పుకుంటాయి. మూసిన దారి పక్కనుంచి తెరుచుకున్నట్టే.

దీని వెంటే కార్డు తీయగానే ల్యాప్‌టాప్ లాక్ అయ్యే ఏర్పాటు చేయండి. గ్రూప్ పాలసీలో "Interactive logon: Smart card removal behavior" ను "Lock Workstation" గా పెట్టి, "Smart Card Removal Policy" సర్వీస్ నడుస్తోందో లేదో చూడండి. అదే కార్డుతో ఆఫీసు తలుపులు కూడా తెరుచుకునేలా ఉంటే, లేచి వెళ్లేటప్పుడు కార్డు తీయక తప్పదు. ఎవరికీ గుర్తుచేయకుండానే ల్యాప్‌టాప్‌లు లాక్ అవుతాయి. రోజంతా కార్డు రీడర్‌లోనే ఉండిపోయే ఆఫీసులో ఈ లాభం ఉండదు.

కార్డు మర్చిపోయిన రోజు, పోయిన రోజు

ఈ రెండు రోజులకు ముందే జవాబు రాసిపెట్టుకోకపోతే మూసిన దారిని మొదటి వారంలోనే మీరే తెరుస్తారు. ఉద్యోగి కార్డు ఇంట్లో మర్చిపోయి వచ్చాడు, మధ్యాహ్నం లోపు బిల్లులు పంపాలి. అప్పుడు వచ్చే మొదటి ఆలోచన "ఇవాళ్టికి కార్డు నిబంధన తీసేద్దాం" అని. తీసేస్తే పాస్‌వర్డ్ రీసెట్ చేయాలి, సాయంత్రం నిబంధన మళ్లీ పెట్టడం ఎవరికీ గుర్తుండదు. దానికి బదులు కొన్ని ఖాళీ కార్డులు ఉంచుకోండి. మనిషిని ముఖాముఖి చూసి, రెండు రోజుల గడువున్న టెంప్లేట్‌తో తాత్కాలిక కార్డు ఇవ్వండి. దూరంగా ఉన్నవాళ్లకు ఈ పద్ధతి కుదరదు కాబట్టి మొదట్లోనే రెండు కార్డులు ఇచ్చి, రెండోదాన్ని బ్యాగులో కాకుండా వేరే చోట ఉంచుకోమనండి.

కార్డు పోయిందని ఫోన్ వస్తే సర్టిఫికెట్‌ను రద్దు చేస్తారు. అది సరే, కానీ రద్దు అప్పటికప్పుడు అమలు కాదు. డొమైన్ కంట్రోలర్ దగ్గర పాత రద్దు జాబితా గడువు ఇంకా మిగిలి ఉంటే కొత్తది తెచ్చుకోదు. మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్ సర్వర్ మామూలు అమరికలో ప్రధాన జాబితాను వారానికోసారి, మార్పుల జాబితాను రోజుకోసారి ఇస్తుంది. పోయిన కార్డు ఈలోగా పనిచేయవచ్చు. దొరికినవాడికి పిన్ తెలియదు, మూడు ఊహలే ఉన్నాయి కాబట్టి మామూలు పోగొట్టుకోవడానికి భయపడనక్కర్లేదు. కానీ పిన్ కాగితం మీద రాసి కార్డుతోపాటే పెట్టుకున్నట్టు తెలిసినా, దొంగతనం అనిపించినా, మొదట ఖాతాను డిజేబుల్ చేయండి. సర్టిఫికెట్ రద్దు దాని తర్వాత. కొత్త కార్డు ఇచ్చాక, పాత సర్టిఫికెట్ రద్దు డొమైన్ కంట్రోలర్లకు చేరిందని తేల్చుకున్నాక ఖాతాను తిరిగి తెరవండి.

ఎవరికి పెట్టాలి, ఎక్కడ వద్దు

కార్డు లాగిన్‌తో పోయే ప్రమాదాలు స్పష్టంగా ఉన్నాయి: నకిలీ పేజీలు, ఒకే పాస్‌వర్డ్‌ను నాలుగు చోట్ల వాడటం, హ్యాష్‌ను తీసుకెళ్లి ఊహించడం, పక్కసీటు వాళ్లతో పాస్‌వర్డ్ పంచుకోవడం. కార్డును పంచుకోవాలంటే చేతికి ఇచ్చేయాలి, ఇచ్చినవాడి ల్యాప్‌టాప్ ఆగిపోతుంది. ఒకే కంప్యూటర్‌ను షిఫ్టుల్లో చాలామంది వాడే చోట కూడా కార్డు చాలా నప్పుతుంది, ఎందుకంటే రహస్యం కంప్యూటర్‌లో కాకుండా మనిషి జేబులో ఉంటుంది.

పోని ప్రమాదం ఒకటుంది. ల్యాప్‌టాప్‌లోనే వైరస్ ఉంటే, కార్డు రీడర్‌లో ఉండి పిన్ కొట్టినంతసేపు అది మీ పేరుతో కార్డు చేత సంతకాలు చేయించుకోవచ్చు, వచ్చిన టికెట్లను దొంగిలించవచ్చు. కీ దొరకదు కాబట్టి కార్డు తీసేశాక కొత్త సంతకాలు చేయించలేదు. కానీ అప్పటికే కొట్టేసిన టికెట్ దాని గడువు తీరేదాకా పనికొస్తుంది.

చిప్ కూడా మనుషులు చేసిందే. 2017లో ఇన్ఫినియన్ చిప్‌లలో ఆర్‌ఎస్‌ఏ కీలు పుట్టించే పద్ధతిలో లోపం బయటపడింది, దాన్ని రోకా అన్నారు. పబ్లిక్ కీ చూసి ప్రైవేట్ కీని లెక్కగట్టగలిగే లోపం అది. ఎస్టోనియాలో దాదాపు 7.5 లక్షల గుర్తింపు కార్డుల మీద దాని ప్రభావం పడి, ఆ సర్టిఫికెట్లను నిలిపివేసి కొత్తవి ఇవ్వాల్సి వచ్చింది. కాబట్టి ఏ మనిషి దగ్గర ఏ మోడల్ కార్డు, ఏ సీరియల్ నంబరుది ఉందో పట్టిక ఉంచుకోండి. అలాంటి వార్త వచ్చిన రోజు ఎవరి కార్డులు మార్చాలో గంటలో తేలాలి.

సర్టిఫికెట్ సర్వర్‌ను చూసుకునే మనిషి లేని చిన్న ఆఫీసుకు నేను ఈ దారి చెప్పను. రద్దు జాబితా గడువు దాటి అందరూ బయట నిలబడటమో, సర్వర్‌నే ఎవరో లాక్కుపోవడమో జరుగుతుంది. సర్టిఫికెట్ సర్వర్‌ను పట్టుకున్నవాడు ఎవరి పేరుతోనైనా లాగిన్ కాగలడు. అలాంటి చోట ల్యాప్‌టాప్ చిప్‌నే కార్డులా వాడే విండోస్ హలో ఫర్ బిజినెస్ లేదా ఫిడో2 భద్రతా కీలు మేలు. వాటిలోనూ ప్రైవేట్ కీ మామూలుగా చిప్‌లోనే ఉంటుంది, నకిలీ పేజీలకు దొరకదు. అలా పెట్టుకునే పద్ధతుల్లో ఉద్యోగులకు సర్టిఫికెట్లు ఇచ్చే పని లేనివి ఉన్నాయి. కార్డు బదులు సర్టిఫికెట్‌ను, ప్రైవేట్ కీని కలిపి .pfx ఫైలుగా ల్యాప్‌టాప్‌లో పెట్టేద్దాం అనే సలహా మాత్రం వినకండి. ఫైలును నకలు చేయవచ్చు. అప్పుడు దానికీ, డెస్క్‌టాప్ మీద దాచిన పాస్‌వర్డ్ జాబితాకూ తేడా లేదు.

సర్టిఫికెట్ సర్వర్‌ను చూసుకునే మనిషి ఉంటే, అందరికీ ఒకేసారి పంచకుండా అడ్మిన్ల నుంచి మొదలుపెట్టండి. వాళ్లకు రోజువారీ ఖాతా వేరు, అడ్మిన్ ఖాతా వేరుగా ఉండాలి, అడ్మిన్ ఖాతాకు సొంత కార్డు ఉండాలి. ముందుగా కార్డు తప్పనిసరి చేయాల్సింది ఆ ఖాతాలకే. ఒక్క అత్యవసర అడ్మిన్ ఖాతాను మాత్రం ఈ నిబంధన బయట ఉంచండి. దాని పొడవైన పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి, సీలు వేసిన కవరులో పెట్టి తిజోరీలో ఉంచండి. ఆ ఖాతాతో ఎవరు లాగిన్ అయినా వెంటనే ఇద్దరికి సందేశం వెళ్లే ఏర్పాటు చేయండి. సర్టిఫికెట్ గొలుసు మొత్తం తెగిపోయిన పొద్దున డొమైన్ కంట్రోలర్‌లోకి వెళ్లి కొత్త రద్దు జాబితా పెట్టాలంటే ఆ కవరే కావాలి.